నాన్న తలలోని కొట్టు

నాన్న జ్వరంతో పడుకున్న రోజు, పదో తరగతి చదివే కూతురు కిరాణా కొట్టు తెరిచింది. ఏది ఎక్కడుందో, ఎంతుందో ఆయనకే తెలుసు. ఫోన్ చేసి అడిగితే, "రెండో అర, పచ్చ డబ్బా వెనకాల చూడు తల్లీ" అన్నాడు. ఆయనకు సరుకు పేరుతో కాదు, చోటుతో గుర్తు.

అందుకే ఆమె నోటుబుక్కులో అక్షరక్రమం పెట్టలేదు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, అర వెంట అర, ఆయన చూపు నడిచే దారిలోనే రాసింది. నా దృష్టిలో ఆమె చేసిన అసలైన పని ఇదే. ఒక్కో సరుకుకు నాలుగు గళ్లు: ఉన్నది, వచ్చింది, అమ్మింది, మిగిలింది.

పది రోజులకు కందిపప్పు లెక్క తప్పింది. 50 కిలోల బస్తాలో 39 కిలోలు అమ్మినట్టు పుస్తకంలో ఉంది. 11 మిగలాలి, కాటా మీద 8 తూగింది. దొంగతనమేమోనని బెంగపడింది. ఆరా తీస్తే ఆ 3 కిలోలూ తమ వంటింట్లోనే ఉడికాయి! అప్పటినుంచి 'ఇంటికి' అని ఐదో గడి చేర్చింది.

రోజుకు సుమారు 4 కిలోలు పోతుంది, చెప్పాక సరుకు రావడానికి మూడు రోజులు. అంటే 12 కిలోలు. ఒకరోజు ఆలస్యానికి ఇంకో 4. పప్పు 16 కిలోలకు దిగగానే ఆ వరుస పక్కన ఎర్ర చుక్క పెడుతుంది.

కోలుకున్న నాన్న పుస్తకం తిరగేసి, ఒకచోట పెన్ను అడిగాడు. "ఇక్కడ పసుపు రాయలేదు తల్లీ."