మాటల్లేని ఇంట్లో ప్రేమ ఉన్నట్టా, లేనట్టా?

మా పిన్నీ బాబాయిలది తెనాలి దగ్గర పల్లె. పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళు. ఆ ఇంట్లో రెండు రోజులున్నా ఇద్దరి మధ్యా వినిపించే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పొద్దున ఆరింటికి కాఫీ గ్లాసు వస్తుంది, దాని పక్కనే బీపీ బిళ్ళ. ఆయన బిళ్ళ వేసుకుని, కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి పొలానికి వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు "మజ్జిగా?" అని ఆవిడ, "ఊఁ" అని ఆయన. అంతే.

వాళ్ళ పెద్దమ్మాయి బెంగళూరులో ఉద్యోగం. ప్రేమించి పెళ్ళి చేసుకుంది. ఒకసారి నాతో, "వాళ్ళిద్దరి మధ్యా ఏముందక్కా, అలవాటు తప్ప?" అంది. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. జవాబు వెతకడానికి మనస్తత్వ శాస్త్రంలో ఒక మంచి పనిముట్టు ఉంది. దాన్ని తయారుచేసినవాడు రాబర్ట్ స్టెర్న్‌బర్గ్. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో మనిషి తెలివితేటల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నాక, ప్రేమను కూడా అలాగే విడదీసి చూడాలనుకున్నాడు. 1986లో ప్రచురించిన వ్యాసంలో ప్రేమను త్రికోణంగా గీసి చూపించాడు.

ఆ త్రికోణంలో ఒకటి సాన్నిహిత్యం: మనసు విప్పి చెప్పుకోగలగడం, కష్టంలో ఈ మనిషి ఉంటాడన్న భరోసా, ఎదుటివాళ్ళ మేలు కోరడం. రెండోది మోహం: ఒళ్ళు కోరే ఆకర్షణ, చూడాలన్న తహతహ, కనపడకపోతే గిజగిజలాడిపోవడం. మూడోది నిబద్ధత. దీంట్లో ఆయన రెండు మెట్లు చూశాడు. ఈ మనిషిని ప్రేమిస్తున్నానని తేల్చుకోవడం ఒకటి, ఆ ప్రేమను నిలబెట్టుకుంటానని కట్టుబడటం మరొకటి. రెండూ కలిసే ఉండాలని లేదు. ప్రేమిస్తున్నానని తెలిసీ ఏళ్ళ తరబడి కట్టుబడనివాళ్ళున్నారు. ప్రేమిస్తున్నానని ఒక్కసారి కూడా అనుకోకుండానే జీవితాంతం కట్టుబడి ఉన్నవాళ్ళు మన ముందు తరంలో ఇంటికొకరు.

ఇప్పుడు ఒక్కో భుజం తీసేసి చూడండి. నిబద్ధత లోపించి మిగతా రెండూ ఉంటే అది రొమాంటిక్ ప్రేమ. కాలేజీ రోజుల్లో ప్రాణమిచ్చేంత దగ్గరగా ఉండి, చదువు కాగానే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయిన జంటల్లో ఇది కనిపిస్తుంది. వాళ్ళది అబద్ధపు ప్రేమ కాదు, దాన్ని కట్టి ఉంచే ముడి పడలేదంతే. సాన్నిహిత్యం లోపించి మోహం, నిబద్ధత ఉంటే దాన్ని స్టెర్న్‌బర్గ్ అవివేకపు ప్రేమ అన్నాడు. చూసిన నెలకే పెళ్ళి నిశ్చయం, ఆర్నెల్లకే ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలియని అయోమయం. మోహం చల్లారే సరికి మిగిలేది నిబద్ధత ఒక్కటే. ఒకరినొకరు తెలుసుకోవడానికి పట్టే కాలాన్ని వీళ్ళు తమకు తాము ఇచ్చుకోలేదు. మోహం లోపించి మిగతా రెండూ ఉంటే సహచర ప్రేమ.

రెండు భుజాలు పోయి ఒక్కటే మిగిలితే? సాన్నిహిత్యం ఒక్కటే అయితే స్నేహంలాంటి ఇష్టం, మోహం ఒక్కటే అయితే వట్టి వ్యామోహం. నిబద్ధత ఒక్కటే మిగిలితే శూన్య ప్రేమ. మా చెల్లెలు పిన్నీ బాబాయిల గురించి అన్నది, ఈ పేరు తెలియకపోయినా, సరిగ్గా ఇదే.

శూన్య ప్రేమ గురించి స్టెర్న్‌బర్గ్ అన్న ఒక సంగతి మనకు బాగా దగ్గరది. పాశ్చాత్య దేశాల్లో అది సాధారణంగా కథ చివర వస్తుంది. మోహం పోయి, మాటలు పోయి, పిల్లల కోసమో ఇంటి కోసమో కలిసి ఉండటం మిగులుతుంది. పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళున్న సమాజాల్లో అదే కథ మొదట్లో రావచ్చు. పెళ్ళిచూపుల్లో పది నిమిషాలు చూసుకున్న ఇద్దరు ముందు కట్టుబడతారు, తర్వాత ఒకరికొకరు తెలుస్తారు. రెండు చోట్లా త్రికోణం ఆకారం ఒకటే, ప్రయాణం మాత్రం ఎదురెదురు. అందుకే ఒక జంటను ఒక్కరోజు చూసి వాళ్ళది ఫలానా ప్రేమ అని తేల్చడం తప్పు. ఎటునుంచి ఎటు వెళ్తున్నారో చూడాలి.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళే మేలని దీన్నిబట్టి అనడానికి మాత్రం లేదు. జైపూర్‌లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ 50 జంటలను పరిశీలించి 1982లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రేమ పెళ్ళిళ్ళలో మొదట ఎక్కువగా కనిపించిన ప్రేమ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిందనీ, కుదిర్చిన పెళ్ళిళ్ళలో పెరిగి ఐదేళ్ళు దాటాక వాళ్ళను మించిందనీ అందులో తేలింది. దీన్ని ఇప్పటికీ చాలామంది ఉదహరిస్తారు. కానీ అది చిన్న అధ్యయనం. తర్వాత అమెరికాలోని భారత సంతతి దంపతుల మీద జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో రెండు రకాల పెళ్ళిళ్ళకూ ప్రేమలో తేడా కనిపించలేదు. నిబద్ధతతో మొదలైన పెళ్ళిలో మిగతా రెండు భుజాలూ మొలవొచ్చు, మొలవకపోనూ వచ్చు. మొలవని ఇళ్ళూ నేను చూశాను.

ఈ మూడూ ఒకే తీరున పెరగవు. నిబద్ధత మెల్లగా మొదలై, ఊపందుకుని, ఒక ఎత్తున నిలబడుతుంది. మోహం కాఫీ అలవాటు లాంటిది. కొత్తలో ఒక్క గ్లాసుకే హుషారు వస్తుంది. అలవాటయ్యాక ఆ హుషారు ఉండదు, మామూలుగా ఉండటానికే గ్లాసు కావాలి. ఉన్నట్టుండి మానేస్తే తలనొప్పి. మోహమూ అంతే. వేగంగా లేస్తుంది, అలవాటుతో చల్లబడుతుంది, ఆ మనిషి దూరమైతే మనసు మామూలు స్థితికన్నా కిందికి పడిపోయి, కోలుకోవడానికి చాలాకాలం తీసుకుంటుంది.

సాన్నిహిత్యం సంగతే అన్నిటికన్నా లోతైనది. స్టెర్న్‌బర్గ్ దాన్ని రెండుగా చూశాడు: పైకి కనిపించేది, లోపల దాగి ఉండేది. మనకు ఒక భావం తెలిసివచ్చేది అనుకున్నదానికి అడ్డం వచ్చినప్పుడు. కొత్త దంపతులకు ఎదుటివాళ్ళు ఎప్పుడేం చేస్తారో తెలియదు కాబట్టి రోజూ ఏదో ఒక అడ్డం, ఏదో ఒక ఆశ్చర్యం, కోపం, సంతోషం. ఏళ్ళు గడిచాక ఒకరి పని ఒకరికి అల్లుకుపోతుంది, అడ్డాలు పోతాయి. వాటితోపాటు పైకి కనిపించే సాన్నిహిత్యమూ తగ్గుతుంది. లోపలిది మాత్రం పెరుగుతూ ఉండొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, లోపల బాగా పెరిగిన ఇల్లూ, లోపల ఏమీ మిగలని ఇల్లూ బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి. రెండూ నిశ్శబ్దంగానే ఉంటాయి.

తేడా తెలియాలంటే ఆ అల్లిక ఎక్కడో తెగాలి. ఊరికి వెళ్ళడం, జబ్బు పడటం, కొన్నాళ్ళు విడిగా ఉండటం.

మా చెల్లెలి పురుటికి పిన్ని మూడు నెలలు బెంగళూరు వెళ్ళింది. ఆ రోజుల్లో నేను పని మీద తెనాలి వెళ్ళి రెండు రోజులు బాబాయి దగ్గర ఉన్నాను. వంటకు మనిషిని పెట్టారు, తిండికి లోటు లేదు. కానీ బీపీ బిళ్ళల అట్ట తీసి చూస్తే నాలుగు రోజులవి వేసుకోలేదు. మర్చిపోవడం కాదది. ముప్ఫై ఆరేళ్ళలో ఏ బిళ్ళయినా గ్లాసు పక్కకు వచ్చి కూర్చోవడమే ఆయనకు తెలుసు. పొద్దున ఫోన్ చేసి, "ఆ మిరప మొక్కలకు నీళ్ళు ఏ పూట పోస్తావు?" అని అడిగాడు. పిన్ని చెప్పింది. ఆయన ఫోన్ పెట్టలేదు. పక్కింటి వాళ్ళ గేదె రాత్రి తాడు తెంపుకుపోయి చెరువుగట్టున దొరికిన సంగతంతా పావుగంట చెప్పాడు. మధ్యాహ్నం మళ్ళీ ఫోన్, ఈసారి ఆవకాయ జాడీ కోసం. జాడీ ఆయన కళ్ళ ఎదురుగానే ఉంది.

నాకు తెలిసిన మరో ఇంట్లో ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది. రెండేళ్ళ తర్వాత ఆవిడను, "ఎలా ఉందండీ, ఒక్కరే?" అని అడిగితే, "ఒక మనిషి వంట తగ్గింది" అంది. కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. ఆ తాపీతనమే నన్ను భయపెట్టింది. గట్టిగా పోట్లాడుకునే జంటలో ఇంకా అడ్డం రావడానికి ఏదో మిగిలి ఉంటుంది. శూన్య ప్రేమ గుర్తు ఇదే, లేకపోయినా ఏమీ తెగదు.

స్టెర్న్‌బర్గ్ కొలబద్దలో 45 వాక్యాలుంటాయి, ఒక్కో భుజానికి పదిహేను. ప్రతిదానికీ ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె వేసుకోవాలి. దానికి ఒక పరిమితి ఉంది. సాన్నిహిత్యం ఎక్కువ వేసుకున్నవాళ్ళు తరచు మిగతా రెండూ ఎక్కువే వేసుకుంటారు. మూడూ నిజజీవితంలో అంత విడివిడిగా ఉండవన్నమాట. పైన చెప్పిన పేర్లన్నీ అంచుల్లాంటివనీ, చాలా జంటలు వాటి మధ్యలో ఎక్కడో ఉంటారనీ ఆయనే అన్నాడు. కాబట్టి అంకెలు చూసి పెళ్ళి మీద తీర్పు చెప్పకూడదు.

అంకెలకన్నా నాకు ముఖ్యంగా తోచింది 24 జంటలతో స్టెర్న్‌బర్గ్, మైకేల్ బార్న్స్ కలిసి చేసి 1985లో ప్రచురించిన చిన్న అధ్యయనం. ఒక మనిషి తన జంటతో తృప్తిగా ఉన్నదీ లేనిదీ ఎక్కువగా దేన్నిబట్టి తెలిసిందంటే, ఎదుటివాళ్ళు తనను ఎంత ప్రేమిస్తున్నారని తాను అనుకుంటున్నారో, ఎంత ప్రేమించాలని కోరుకుంటున్నారో, ఆ రెండిటి మధ్య దూరాన్నిబట్టి. ఎదుటివాళ్ళ మనసులో నిజంగా ఎంత ఉందన్నది దానంత పనికిరాలేదు. లోపల కొండంత ఉన్నా అది అవతలి మనిషికి అందకపోతే లెక్కలోకి రాదు. అందుకే స్టెర్న్‌బర్గ్ మనసులోని త్రికోణం పక్కనే చేతల త్రికోణం కూడా గీశాడు, చూపించని ప్రేమ నిలవదని హెచ్చరించాడు.

పిన్ని తిరిగొచ్చాక ఫోన్లు ఆగిపోయాయి. గ్లాసు పక్కకు బిళ్ళ వచ్చింది, "మజ్జిగా?", "ఊఁ" మళ్ళీ మొదలయ్యాయి. మా చెల్లెలికి నేనిచ్చిన జవాబు, వాళ్ళది శూన్య ప్రేమ కాదు, దాగిన సాన్నిహిత్యమని. కానీ పిన్నిని ఒకరోజు అడిగితే, "ఏమోనే, ఆ మూడు నెలలే బాగా మాట్లాడారు" అంది. ఇలాంటి ఇల్లు మీది అయితే, ఊళ్ళో లేనప్పుడు ఫోన్‌లో చెప్పిన ఆ గేదె కబురులాంటివి, మనిషి ఇంటికొచ్చాక కూడా చెప్పండి.