లుబ్ధకుడికి మైనస్ ఎందుకొచ్చింది?

ఫోన్‌లో నక్షత్రాల యాప్ తెరిచి లుబ్ధకుడి మీద వేలు పెడితే -1.46 అని కనిపిస్తుంది. రాత్రి ఆకాశంలో అంతకు మించి వెలిగే నక్షత్రం ఇంకొకటి లేదు. అలాంటిదానికి మైనస్! చిత్తకు దాదాపు 1, ధ్రువుడికి 2, పల్లెటూరి చీకట్లో కంటికి ఆనీ ఆనకుండా ఉండే చుక్కలకు 6. వెలుగు తగ్గేకొద్దీ అంకె పెరుగుతోంది.

మాగ్నిట్యూడ్ అనే ఈ అంకె కొలతగా కాక ర్యాంకుగా పుట్టింది. తిరకాసంతా అక్కడే ఉంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ ‘ఆల్మజెస్ట్’ గ్రంథంలో వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక ఇచ్చాడు. బాగా వెలిగేవి మొదటి తరగతి, అతి మసకవి ఆరో తరగతి. అంతకు మూడు వందల ఏళ్ల ముందు హిప్పార్కస్ కూడా ఒక పట్టిక తయారుచేశాడు గానీ అది పూర్తిగా మనదాకా రాలేదు. వాళ్లకు పరికరాలు లేవు, కంటి అంచనానే ఆధారం. ఎంసెట్‌లో ఒకటో ర్యాంకు వచ్చినవాడు ఆరో ర్యాంకువాడి కంటే ముందున్నట్టే, ఇక్కడా ఒకటి ఆరు కంటే ముందు.

టెలిస్కోపులు వచ్చాక కంటికి కనిపించనివి ఏడు, ఎనిమిది, తొమ్మిది అయ్యాయి. ఒక తరగతికీ తరువాతి తరగతికీ మధ్య తేడా ఎంతన్నది మాత్రం ఒక్కో పరిశీలకుడు ఒక్కోలా అంచనా వేసేవాడు.

దానికి 1856లో ఒక నియమం ప్రతిపాదించినవాడు నార్మన్ పాగ్సన్. అప్పుడతను ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ అబ్జర్వేటరీలో సహాయకుడు. గ్రహశకలాలు ఏ రోజు ఎంత వెలుగుతో కనిపిస్తాయో లెక్కకట్టే పనిలో ఉన్నాడు. ఒకటో తరగతి చుక్క ఆరో తరగతి చుక్క కంటే సుమారు నూరు రెట్లు ఎక్కువ వెలుగుతుందని అప్పటికే ఖగోళవేత్తలకు తెలుసు. ఆ ‘సుమారు’ను పాగ్సన్ తీసేశాడు. ఐదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే కచ్చితంగా నూరు రెట్లు. అప్పుడు ఒక్కో మెట్టుకు 2.512 రెట్లు పడుతుంది, ఎందుకంటే దాన్ని ఐదుసార్లు గుణిస్తే 100 వస్తుంది. లాగరిథమ్ పట్టికల్లో ఆ సంఖ్యకు ఎదురుగా 0.4 ఉంటుంది. చేత్తో లెక్కలు కట్టే రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. ఇదే పాగ్సన్ 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, ఆ ఏడాదే అక్కడినుంచి ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి ‘ఏషియా’ అని పేరు పెట్టాడు. 1891లో చనిపోయేదాకా మద్రాసులోనే ఉన్నాడు.

అంకెల దిశను మాత్రం అతను తిప్పలేదు. తిప్పితే శతాబ్దాల పట్టికలన్నీ తిరగరాయాలి మరి.

మైనస్ వచ్చింది ఈ కచ్చితత్వం వల్లే. పాతవాళ్లు లుబ్ధకుణ్ణీ చిత్తనూ ఒకే మొదటి తరగతిలో కూర్చోబెట్టారు. కొలిచి చూస్తే లుబ్ధకుడు దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగుతున్నాడు. పది రెట్లంటే రెండున్నర మెట్లు. చిత్తను 1 దగ్గర ఉంచితే, రెండున్నర మెట్లు పైకెక్కిన లుబ్ధకుడు సున్నాను దాటి -1.5 దగ్గరకు చేరతాడు. సున్నా అంటే వెలుగు లేకపోవడం కాదు, అదొక మెట్టు మాత్రమే. అభిజిత్తు నక్షత్రం సరిగ్గా ఆ దరిదాపుల్లోనే ఉంది. ఇంకా పైకి పోతే పున్నమి చంద్రుడు -12.7, సూర్యుడు -26.7. ఈ ఇద్దరి మధ్య 14 మెట్లు, అంటే దాదాపు నాలుగు లక్షల రెట్లు.

పెళ్లిలో చూపించే అరుంధతి దగ్గర ఈ లెక్క బాగా తెలుస్తుంది. అరుంధతి మాగ్నిట్యూడ్ 4, పక్కనున్న వశిష్ఠుడిది సుమారు 2. తేడా రెండు మెట్లు కాబట్టి 2.512ను 2.512తో గుణించాలి. వశిష్ఠుడు ఆరు రెట్లకు పైగా ఎక్కువ వెలుగుతున్నాడన్నమాట. హైదరాబాద్ లాంటి నగరాల దీపాల వెలుగులో వశిష్ఠుడు కనిపించినా అరుంధతి మాయమయ్యేది అందుకే. పురోహితుడు పట్టపగలు చూపించే అరుంధతి సంగతి వేరు!

వశిష్ఠుడు కూడా కంటికే ఒక్కడు. చిన్న టెలిస్కోపులో చూస్తే రెండు చుక్కలు, ఒకటి 2.2, రెండోది 3.9. రెండూ కలిస్తే ఎంత? తొందరపడి కూడితే 6.1 వస్తుంది. రెండు చుక్కల వెలుగు కలిశాక ఒక్కదాని కంటే మసకబారడం అసంభవం కదా. మాగ్నిట్యూడ్లను కూడకూడదు, వెలుగులను కూడాలి. రెండో చుక్క వెలుగు మొదటిదానిలో దాదాపు ఐదో వంతు. అది చేరితే మొత్తం 1.2 రెట్లవుతుంది, అంటే మెట్టులో ఐదో వంతు పైకి. 2.2 కాస్తా 2.0 అవుతుంది. వశిష్ఠుడికి ఒక పట్టికలో 2.2, ఇంకో పట్టికలో 2.0 కనిపిస్తే ఏదో ఒకటి తప్పని కంగారు పడనక్కర్లేదు. మొదటిది పెద్ద చుక్క ఒక్కదానిది, రెండోది జంటది.