డబ్బు కట్ అయింది, మెషీన్ ఫెయిల్ అంది!

మొన్న మందుల షాపులో రూ.1,250.50కి కార్డు పెట్టాను. డబ్బు కట్ అయినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మెషీన్ మాత్రం ఫెయిల్ అంది. 'ఇంకోసారి పెట్టండి సార్' అన్నాడు షాపతను. నా ఉద్యోగమే ఈ మెసేజ్‌లతో కాబట్టి ఆగాను.

కార్డు పెట్టగానే షాపు బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ మీదుగా మన బ్యాంకుకి ఒక మెసేజ్ వెళ్తుంది. ఐఎస్ఓ 8583 పద్ధతిలో అందులోని గడులకు నంబర్లుంటాయి. 4వ గడిలో సొమ్ము. చుక్క ఉండదు, పైసల లెక్కన 12 అంకెలు: `000000125050`. 18వ గడిలో వ్యాపారం రకం. మందుల షాపుకి `5912`. మన బ్యాంకు జవాబు 39వ గడిలో వస్తుంది. `00` అంటే సరే, `51` అంటే ఖాతాలో డబ్బు చాలదు.

నా బ్యాంకు `00` అనే చెప్పింది. ఆ జవాబే మెషీన్‌కి చేరలేదు. అలాంటప్పుడు 'ఇందాకటిది రద్దు చేయండి' అని రివర్సల్ మెసేజ్ వెళ్లాలి. అదీ దారిలో పోతే, బ్యాంకులు లెక్కలు సరిచూసుకునేదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

అందుకే రెండోసారి కార్డు పెట్టకుండా నోట్లిచ్చి, ఫెయిలైన స్లిప్పు దాచుకున్నాను. మర్నాడు డబ్బు తిరిగొచ్చింది. రిజర్వ్ బ్యాంక్ 2019 నిబంధన ప్రకారం ఇలాంటి సొమ్ము 5 రోజుల్లోగా వెనక్కి రావాలి. దాటితే రోజుకి రూ.100 పరిహారం మన ఖాతాలో వేయాలి.