ఒక ఖదీజా, నాలుగు స్పెల్లింగులు

అమీర్‌పేట మెట్రో స్టేషనులో ఎల్‌.బి. నగర్ వైపు రైలెక్కితే తరువాత వచ్చేది పంజాగుట్ట, ఆ తరువాతది ఇర్రం మంజిల్. స్టేషను పలకలపై ఈ పేర్లు Ameerpet, Punjagutta, Irrum Manzil అని ఉంటాయి. వీటిలో Punjagutta అనే మాటను ఒకసారి నిదానంగా చూడండి. అందులో u అనే అక్షరం రెండుచోట్ల ఉంది. మొదటిచోట అది ‘పం’లోని అకారం, రెండవచోట ‘గు’లోని ఉకారం. ఒకే మాటలో ఒకే అక్షరం రెండు వేర్వేరు అచ్చులను మోస్తున్నది. అందుకే అదే ప్రాంతంలో కొన్ని బోర్డులపై Panjagutta అని కూడా కనిపిస్తుంది. రెండింటిలో ఏదీ తప్పు కాదు.

దీనికి రెండు శతాబ్దాల నాటి కారణం ఉంది. కలకత్తాలో ఆంగ్లేయులకు హిందుస్తానీ నేర్పిన జాన్ గిల్‌క్రిస్ట్ మన హ్రస్వ అకారాన్ని u తో వ్రాశాడు, ఇంగ్లీషు but లో ఆ ధ్వని వినిపిస్తుంది గనుక. సర్ విలియం జోన్స్ అదే ధ్వనికి a ను ఎంచుకున్నాడు. 1870లలో ప్రభుత్వం విలియం హంటర్ పద్ధతిని స్వీకరించి a వైపు మొగ్గింది, కాని అప్పటికే స్థిరపడిన Punjab వంటి పేర్లను కదిలించలేకపోయింది. Irrum లోని u కూడా ఆ పాత అలవాటే. దివ్యఖుర్‌ఆన్‌లో ప్రస్తావితమైన ‘ఇరమ్’ అనే పేరు ఆ పలకపై ఇలా మారువేషంలో ఉన్నదని రైలు దిగే వారిలో ఎందరికి తెలుసు!

ఊరి పేరు రెండు విధాలుగా ఉన్నా రైలు ఆగుతుంది. మనిషి పేరు రెండు విధాలుగా ఉంటే పని ఆగిపోతుంది. ఈ సంగతి నాకు బోధపడింది ఒక అమ్మాయి కారణంగా, అందులో నా పొరపాటు కూడా ఉంది.

నల్గొండ వైపు నుండి వచ్చి మా ప్రాంతంలో స్థిరపడిన కుటుంబం అది. అమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి గల్ఫ్‌లో ఉద్యోగానికి సిద్ధమైంది. పేరు ఖదీజా, దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ ఖదీజా (రజి) పేరు. ఇంట్లో అందరూ పిలిచేది మాత్రం ‘ఖతీజా’ అని. చిన్ననాడు తెలుగు మీడియం పాఠశాలలో చేర్చినప్పుడు ప్రవేశ రిజిస్టరులో ‘షేక్ ఖతీజా’ అనే వ్రాయించారు.

ఇంతవరకు చిక్కు లేదు. తెలుగులో పలికినది వ్రాస్తాము, వ్రాసినది పలుకుతాము. ‘ఖతీజా’ను పదిమంది వ్రాసినా ఒకేలా వ్రాస్తారు. చిక్కంతా రోమన్ అక్షరాలలోకి దాటేటప్పుడే. మనకు త, థ, ట, ఠ అని నాలుగు వేరు అక్షరాలుండగా అక్కడ t, h అనే రెండు గుర్తులతోనే సరిపెట్టాలి. ఉత్తరాదివారు ‘త’కు t వ్రాస్తారు. దక్షిణాదిన t ని ‘ట’కు వదిలిపెట్టి ‘త’కు th వ్రాసే అలవాటు స్థిరపడింది. అందుకే ఢిల్లీలో Sunita అయిన పేరు హైదరాబాదులో Sunitha అవుతుంది, దీర్ఘం వినిపించాలనుకున్నవారి చేతిలో Suneetha అవుతుంది. లక్ష్మి Lakshmi కావచ్చు, Laxmi కావచ్చు. ఏది వ్రాయాలో చెప్పే నియమం పాఠశాలలో ఎవరూ నేర్పరు, కనుక పేరును ఎవరు వ్రాస్తే వారు తమ చెవిని బట్టి కొత్తగా వ్రాస్తారు.

ఆ అమ్మాయి పదవ తరగతికి వచ్చినప్పుడు పరీక్షల కోసం నామినల్ రోల్ తయారైంది. తెలుగు రిజిస్టరు చూసి ఎవరో ఇంగ్లీషులో SK Kathija అని వ్రాశారు. దక్షిణాది అలవాటు ప్రకారం h అక్షరం ‘త’ పక్కన చేరింది, ‘ఖ’ దగ్గర లేకుండా పోయింది. మెమో దాని ప్రకారమే వచ్చింది. ఇంటర్, నర్సింగ్ పత్రాలు మెమోను అనుసరించాయి. ఆధార్ నమోదులో వేరొకరు Shaik Khatija అని టైపు చేశారు. ఇక్కడ h తిరిగి ‘ఖ’ దగ్గరకు వచ్చింది, ‘త’ను విడిచింది. ఇద్దరూ విన్నది ఒకే పేరు.

అప్పుడే తండ్రి నా వద్దకు వచ్చాడు. “మౌల్వీ సాబ్, అసలు సరైన స్పెల్లింగు ఏది? మీరు అరబ్బీ చదివినవారు, మీరే వ్రాసివ్వండి” అన్నాడు. నేను గర్వంగానే మదరసా ధ్రువపత్రంలో Khadijah అని వ్రాసిచ్చాను. అరబ్బీలో ఆ అక్షరం ‘దాల్’, ‘తా’ కాదు. చివర ‘తా మర్బూతా’ ఉంది గనుక h కూడా చేర్చాను. శాస్త్రం ప్రకారం అందులో లోపం లేదు. కాని అప్పటికే పత్రాలలో రెండు విధాలుగా ఉన్న పేరుకు నేను మరొక రూపాన్ని కల్పించాను. తండ్రి ఆ పత్రాన్ని నమ్మి పాస్‌పోర్టు దరఖాస్తులో Khadija అని నింపాడు, చివరి h అనవసరమని తానే తీసేశాడట!

అప్పట్లో అమీర్‌పేటలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉండేది. అక్కడ పత్రాలు మూడు అంచెలు దాటాలి: ‘ఎ’ కౌంటరులో స్కానింగు, ఫోటో, వేలిముద్రలు, ‘బి’లో పరిశీలన, ‘సి’లో మంజూరు. అమ్మాయి ‘బి’ వద్ద ఆగిపోయింది. అక్కడి అధికారి మర్యాదగానే చెప్పారట: “అమ్మా, అరబ్బీలో ఏది సరైనదో మేము నిర్ణయించలేము. అన్ని పత్రాలలో ఒకటే ఉండాలి.”

ఆయన మాటలో న్యాయముంది. పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పుట అడుగున రెండు వరుసల అక్షరాలుంటాయి, వాటిని యంత్రం చదువుతుంది. అందులో పేరుకు 39 స్థానాలు మాత్రమే. A నుండి Z వరకు ఉన్న అక్షరాలు, ఖాళీలను నింపే < గుర్తు తప్ప అక్కడ మరేవీ ఇమడవు. దీర్ఘాలను, ఒత్తులను గుర్తులతో సూచించే ISO 15919 అనే ప్రమాణం 2001 నుండి ఉన్నది, కాని ఆ చుక్కలు, గీతలు ఆ వరుసలో చేరవు. వీసా ఇచ్చే దేశం, విమానం టికెట్టు, ఉద్యోగ ఒప్పందం అన్నీ ఆ అక్షరాలనే పోల్చుకుంటాయి. ఉచ్చారణతో వాటికి పని లేదు.

కనుక మేము ‘ఏది సరైనది’ అనే ప్రశ్నను పక్కన పెట్టి, ‘ఏది మార్చడం అన్నిటికంటే కష్టం’ అని ఆలోచించాము. పదవ తరగతి మెమో. దానిని సవరించాలంటే పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారా, ప్రవేశ రిజిస్టరు ఆధారంగా, ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు వెళ్లాలి. ఆ తరువాత దాని వెనుక వచ్చిన ప్రతి పత్రాన్నీ మార్చుకోవాలి. మెమోలోని Kathija నే మూలంగా తీసుకున్నాము. మిగిలింది ఆధార్. అందులో పేరును జీవితంలో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు, ఆమె ఒక అవకాశాన్ని వాడుకుంది.

SK సంగతి వేరు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు చెల్లవు, పూర్తిగా విప్పి వ్రాయాలి. SK ని Shaik అనాలా, Shaikh అనాలా, Sheik అనాలా? నా అరబ్బీ మనసు Shaikh వైపు లాగినా ఈసారి నోరు మెదపలేదు. తండ్రి పాస్‌పోర్టులో Shaik ఉంది, అదే వ్రాశారు. (మన Md., Mohd. ల పరిస్థితీ ఇదే. విప్పగానే Mohammed, Mohammad, Muhammad అని మూడు దారులు ఎదురవుతాయి.) రెండవసారి వెళ్లినప్పుడు Shaik Kathija అనే పేరుతో పాస్‌పోర్టు మంజూరయింది. ఈలోగా రెండున్నర నెలలు గడిచాయి, మొదట పిలిచిన ఆసుపత్రి మరొకరిని తీసుకుంది. ఆమెకు వేరొక చోట ఉద్యోగం దొరికింది, అల్‌హమ్దులిల్లాహ్. అక్కడి అరబ్బు సహోద్యోగులు ఆ స్పెల్లింగు చూసి ఆమెను ‘కథీజా’ అని పిలుస్తారట.

2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు లెక్క మారింది. వారి పుట్టిన తేదీకి ఇక జనన ధ్రువపత్రమే ఆధారం, బడిలో చేర్చడానికైనా పాస్‌పోర్టుకైనా. అంటే పేరు రోమన్ లిపిలోకి మొదటిసారి దాటే చోటు పదవ తరగతి నుండి ప్రసూతి ఆసుపత్రికి జరిగింది. పేరు ఇంకా నిశ్చయించకపోతే పేరు లేకుండానే జననం నమోదు చేయించి, పన్నెండు నెలల లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. తొందరలో ఏదో ఒకటి వ్రాయించడం కంటే అది మేలు.

ఇప్పుడు అఖీఖా రోజున పేరు అడగడానికి వచ్చే తల్లిదండ్రులకు అర్థం, ఉచ్చారణ చెప్పిన తరువాత తండ్రి పాస్‌పోర్టు తెమ్మంటున్నాను. అందులోని ఇంటిపేరును అక్షరం పొల్లుపోకుండా దించి, బిడ్డ పేరును దాని పక్కన పెద్ద అక్షరాలలో ఒక కాగితం మీద వ్రాసి, కింద తెలుగులోనూ వ్రాసి ఇస్తున్నాను. ఆసుపత్రిలోనూ, మున్సిపల్ కార్యాలయంలోనూ నోటితో చెప్పవద్దని, ఆ కాగితాన్నే చూపమని అంటున్నాను. నిన్న వచ్చిన ఒక తాత ఆ కాగితం చూసి, “చివర h వద్దా మౌల్వీ సాబ్?” అని అడిగారు. వద్దన్నాను.