యూపీఎస్ సెకన్లలో ఆగిపోతే: సీల్డ్ బ్యాటరీ ముసలితనం, మార్చాల్సిన సమయం

డెస్క్‌టాప్ కంప్యూటర్ పక్కన ఉండే చిన్న యూపీఎస్ పని చాలా పరిమితమైనది. కరెంటు పోయిన క్షణంలో బ్యాటరీ మీదికి మారి, చేస్తున్న పనిని సేవ్ చేసి కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపేంత వ్యవధి ఇవ్వడం ఒక్కటే దాని బాధ్యత. కొన్నప్పుడు పది పదిహేను నిమిషాలు నిలబడిన పెట్టె రెండు మూడేళ్లకు వేగంగా బీప్ బీప్ అంటూ నాలుగైదు సెకన్లలో ఆరిపోతుంది. చాలా ఇళ్లలో, దుకాణాల్లో ఆ సంగతి తెలిసేది కూడా చేస్తున్న బిల్లో, టైపు చేసిన దరఖాస్తో పోయిన తరువాతే. దోషం దాదాపు ఎప్పుడూ లోపలి బ్యాటరీదే. మిగతా యూపీఎస్ ఇంకా చాలా ఏళ్లు పనిచేసే స్థితిలోనే ఉంటుంది.

ముందుగా శబ్దాన్ని గమనించాలి. ఏ బీప్‌కు ఏ అర్థమో కంపెనీని బట్టి కొంత మారుతుంది గానీ సాధారణ పద్ధతి ఒకటి ఉంది. కొన్ని సెకన్లకోసారి వచ్చే బీప్ బ్యాటరీ మీద నడుస్తున్నట్టు చెబుతుంది. గబగబా వచ్చే బీప్‌లు బ్యాటరీ అయిపోవచ్చిందని చెబుతాయి. ఆగకుండా మోగితే ఎక్కువగా ఓవర్‌లోడు. లేజర్ ప్రింటర్ లాంటిది తగిలించినప్పుడు వినిపించేది ఇదే. కరెంటు పోగానే నిదానమైన బీప్ రాకుండా నేరుగా గబగబా మోగడం మొదలైందంటే బ్యాటరీ బలహీనపడిందనడానికి అది మొదటి గుర్తు. ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. కరెంటు పోగానే కంప్యూటర్ రీస్టార్ట్ అయినా యూపీఎస్ మాత్రం వెలుగుతూ, బీప్ చేస్తూనే ఉంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారే ఆ కొద్ది మిల్లీసెకన్ల వ్యవధిని కంప్యూటర్ పవర్ సప్లై తట్టుకోలేకపోవడం వల్ల అలా జరుగుతుంది. యూపీఎస్ కూడా పూర్తిగా ఆరిపోతేనే అనుమానం బ్యాటరీ మీదికి వెళ్లాలి.

600 వీఏ యూపీఎస్‌లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. బజారులో దీన్ని ఎస్ఎంఎఫ్ బ్యాటరీ అంటారు. లోపల వరసగా ఆరు సెల్స్ ఉంటాయి. సీసపు ప్లేట్ల మధ్య సల్ఫ్యూరిక్ యాసిడ్ ద్రవంగా తొణకకుండా సన్నని గాజు పీచు పొరలో ఇంకి ఉంటుంది. నీళ్లు పోసే అవసరం రాకుండా, ఛార్జింగ్‌లో పుట్టే ఆక్సిజన్ లోపలే మళ్లీ నీరుగా మారే ఏర్పాటు ఇది. ఒత్తిడి మరీ పెరిగితే చిన్న రబ్బరు వాల్వ్ తెరుచుకుని గ్యాస్‌ను బయటికి వదులుతుంది.

దానిమీద రాసి ఉండే 7 ఆంపియర్ అవర్లు ఇరవై గంటల నిదానపు వాడకానికి కట్టిన లెక్క. అంటే 0.35 ఆంపియర్ల చొప్పున తీసుకుంటే ఇరవై గంటలు వస్తుంది. యూపీఎస్ అలా తీసుకోదు. కంప్యూటర్, మానిటర్ కలిసి 120 వాట్లు వాడుతున్నాయనుకుంటే, ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలుపుకుని బ్యాటరీ దాదాపు 150 వాట్లు ఇవ్వాలి. 12 వోల్టుల దగ్గర అది పన్నెండున్నర ఆంపియర్లు. 7ను పన్నెండున్నరతో భాగిస్తే అరగంట పైనే రావాలి, కానీ అంత జోరుగా లాగినప్పుడు కొత్త బ్యాటరీ కూడా పదిహేను నిమిషాలకు అటూ ఇటూగానే ఇస్తుంది. ప్లేట్ల లోతుల్లోకి యాసిడ్ చేరే వేగం ఆ జోరును అందుకోలేదు.

పాతబడిన కొద్దీ పరిస్థితి మారేది అంతర్గత నిరోధం వల్ల. ప్రతి బ్యాటరీ తన లోపలి కరెంటు ప్రవాహాన్ని కొంత అడ్డుకుంటుంది. కొత్త 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఆ అడ్డు పాతిక మిల్లీ ఓముల ప్రాంతంలో ఉంటుంది. పన్నెండున్నర ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడ పోయేది 0.3 వోల్టులు మాత్రమే, దాన్ని ఎవరూ గమనించరు. బాగా పాడైన బ్యాటరీలో అదే నిరోధం 200 మిల్లీ ఓములకు చేరిందనుకుందాం. అదే కరెంటుకు ఇప్పుడు రెండున్నర వోల్టులు లోపలే పోతాయి. 12.8 వోల్టులు చూపిన బ్యాటరీ లోడు పడగానే 10.3కు జారుతుంది. అక్కడితో ఆగదు. ఇన్వర్టర్‌కు కావలసింది 150 వాట్లు కాబట్టి వోల్టేజి తగ్గిన మేరకు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి ఇంకా పడుతుంది. ఈ లెక్క 9.7 వోల్టుల దగ్గర తేలుతుంది. అయితే బ్యాటరీని కాపాడటానికి చాలా యూపీఎస్‌లు పది, పదిన్నర వోల్టుల మధ్యే ఆపేస్తాయి. అంటే అది అక్కడికి చేరేలోపే కంప్యూటర్ ఆరిపోతుంది.

బ్యాటరీ ఖాళీ అవ్వలేదు, అయినా ఉపయోగపడలేదు. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. లోడు తీసేసిన కొద్దిసేపటికి వోల్టేజి మళ్లీ పన్నెండు దాటుతుంది. మల్టీమీటర్ పెడితే బాగుందన్నట్టే చూపిస్తుంది, యూపీఎస్ మీది దీపం ఫుల్ ఛార్జి అంటుంది. ఏ పనీ లేకుండా కొలిచిన వోల్టేజి ఈ విషయంలో దాదాపు ఏమీ చెప్పదు. బ్యాటరీ బాగోగులు లోడు మీదే తేలాలి.

నిరోధం పెరగడానికి మూడు దారులున్నాయి. యూపీఎస్ బ్యాటరీ బతుకంతా ఛార్జర్‌కు కట్టుబడే గడుస్తుంది. 13.5 నుంచి 13.8 వోల్టుల దగ్గర రాత్రింబవళ్లు ఛార్జి అవుతూ ఉండటం వల్ల పాజిటివ్ ప్లేటుకు ఆధారమైన సీసపు జాలీ మెల్లమెల్లగా ఆక్సైడుగా మారి సన్నబడుతుంది, కొన్నిచోట్ల తెగుతుంది. ఎంత జాగ్రత్తగా వాడినా ఆగని అరుగుదల ఇది. రెండోది ఎండిపోవడం. ఆక్సిజన్ అంతా తిరిగి నీరు కాదు, కొంత వాల్వ్ గుండా పోతుంది. గాజు పొరలో తేమ తగ్గితే ప్లేటుకూ యాసిడ్‌కూ మధ్య పట్టు సడలుతుంది. మూడోది సల్ఫేషన్. పూర్తిగా డిశ్చార్జి అయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీది లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుని తరువాతి ఛార్జికి లొంగదు. వేసవి సెలవుల్లో స్విచ్ తీసేసిన ఆఫీసు యూపీఎస్‌లు ఇలాగే పాడవుతాయి. మూతలు ఊడదీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తే బాగవుతుందన్న ప్రచారం ఉంది. నీరు ఎండిపోవడానికి కొంత మందు కావచ్చు గానీ అరిగిన జాలీని తిరిగి పోతపోయదు. యాసిడ్‌తో, వాల్వ్‌తో చెలగాటం ప్రమాదకరం కూడా.

ఈ మూడింటిలో మొదటి రెండింటినీ వేగిరపరిచేది వేడి. ఉష్ణోగ్రత ఎనిమిది, పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ రకం బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు వాడే కొండగుర్తు. డేటా షీటులో అయిదేళ్లని రాసి ఉంటే అది 20–25 డిగ్రీల గదికి చెప్పిన మాట. ఏడాదిలో ఎక్కువ నెలలు ముప్ఫై దాటే రామగుండంలోనో, విజయవాడలోనో, ఏసీ లేని గదిలో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఇరికించిన బ్యాటరీకి రెండు మూడేళ్లు రావడమే న్యాయం. వేడెక్కినప్పుడు ఛార్జింగ్ వోల్టేజిని డిగ్రీకి సుమారు 18 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. చవక యూపీఎస్‌లలో ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు, అందుకే మే నెలలో బ్యాటరీ అవసరానికి మించి ఛార్జి అవుతూ ఉంటుంది. ఇది ముదిరితే పెట్టె ఉబ్బుతుంది. ఉబ్బినదానికి పరీక్షలు అక్కర్లేదు, ఆ రోజే తీసేయాలి.

ఉబ్బనిదాన్ని పరీక్షించడం తేలిక. యూపీఎస్‌ను రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచి, కంప్యూటర్ బదులు పాత రకం 100 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించాలి. ఎల్ఈడీ బల్బు అంత లోడు ఇవ్వదు కాబట్టి పనికిరాదు. ప్లగ్గు పీకకుండా గోడ మీది స్విచ్ ఆపితే ఎర్త్ కలిసే ఉంటుంది. అప్పటినుంచి బల్బు ఆరేదాకా ఎన్ని నిమిషాలో చూడాలి. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడే ఈ పరీక్ష చేసి వచ్చిన సమయాన్ని, తేదీని పెట్టె మీద మార్కరుతో రాసి ఉంచితే తరువాతి కొలతలకు అర్థం ఉంటుంది. పెద్ద బ్యాటరీ గదులకు ఐఇఇఇ ప్రమాణం చెప్పేది, సామర్థ్యం 80 శాతం కంటే తగ్గితే మార్చమని. అక్కడినుంచి పతనం వేగంగా ఉండటమే కారణం. ఇంటి యూపీఎస్‌కు అంత కఠినం అవసరం లేదు. పదిహేను నిమిషాలు ఇచ్చినది ఏడెనిమిదికి దిగితే కొత్తది తెచ్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు కరెంటు మాటిమాటికీ పోతుంది కాబట్టి ఏటా మార్చిలో ఒకసారి, మళ్లీ వేసవి వేడి దాటాక ఒకసారి చూస్తే చాలు. రెండేళ్లు దాటిన బ్యాటరీని మూడు నెలలకోసారి చూడటం మేలు.

కొనేటప్పుడు 7 ఆంపియర్ అవర్లనే తీసుకోవాలి. పెద్దది వేస్తే ఎక్కువసేపు వస్తుందని ఆశపడేవారున్నారు, కానీ చిన్న ఛార్జర్ దాన్ని నింపడానికి చాలా సమయం తీసుకుంటుంది, కొద్ది నిమిషాల పనికి చేసిన ఇన్వర్టర్ అంతసేపటికి వేడెక్కుతుంది. టెర్మినల్ వెడల్పు 4.8 మిల్లీమీటర్లా, 6.3 మిల్లీమీటర్లా అన్నది పాతదానితో సరిచూసుకోవాలి. దుకాణంలో మూలనపడి ఉన్న బ్యాటరీ నెలకు కొంత చొప్పున తనంతట తానే డిశ్చార్జి అవుతుంది. కాబట్టి తయారీ తేదీ ఆరు నెలలు దాటనిది, మీటరులో 12.6 వోల్టులకు తగ్గనిది తీసుకోవాలి. రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉండే పెద్ద యూపీఎస్‌లో రెండింటినీ కలిపే మార్చాలి. లేకపోతే బలహీనమైనది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

మార్చే ముందు ప్లగ్గు తీసి, యూపీఎస్ ఆపి, కంప్యూటర్ తీగలు వేరుచేయాలి. ఎరుపు తీగ ప్లస్‌కు, నలుపు మైనస్‌కు. తారుమారైతే ఫ్యూజుతో పాటు బోర్డు కూడా పోవచ్చు. తీగ కలిపే క్షణంలో చిన్న నిప్పురవ్వ రావడం మామూలే. మూత మూయక ముందే మరో కొలత తీసుకోవాలనిపిస్తుంది గానీ మెయిన్స్ మీద ఉన్న యూపీఎస్ లోపల చేయి పెట్టడం తెలియనివారికి ప్రాణాంతకం. ఆ పని మెకానిక్‌దే. రాత్రంతా ఛార్జి అయ్యాక బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర అతడు చూసేది 13.5–13.8 ఉండాలి. పదమూడు లోపలే ఉంటే ఛార్జర్ చచ్చుబడినట్టు. పద్నాలుగున్నర దాటితే పాత బ్యాటరీని ఎండబెట్టింది ఆ ఛార్జరే, కొత్తదాన్నీ అదే చేస్తుంది. ఏడాదిలోపే రెండోసారి బ్యాటరీ పోయిన చోట ఈ కొలత తప్పనిసరి.

పాత బ్యాటరీ రెండు కిలోలకు పైబడిన బరువులో అత్యధిక భాగం సీసమే. కొత్తది కొన్న దుకాణం దాన్ని తీసుకుని ఎంతో కొంత ధర తగ్గిస్తుంది. వాడిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. చెత్తబుట్టలోనో, ఇంటి ముందుకొచ్చే పాతసామాన్ల బండిలోనో వేయకూడదు. గుర్తింపు లేని చోట పగలగొట్టి కరిగిస్తే సీసపు పొగ, యాసిడ్ అక్కడి పిల్లల ఒంట్లోకి చేరతాయి. దుకాణానికి తీసుకెళ్లేటప్పుడు రెండు టెర్మినళ్లకూ ఇన్సులేషన్ టేపు చుట్టాలి. కంప్యూటర్‌ను అయిదు సెకన్లు కూడా నడపలేని బ్యాటరీ అయినా, సంచిలో తాళంచెవి అడ్డం పడితే షార్ట్ అయి ఆ సంచిని కాల్చేంత కరెంటు ఇవ్వగలదు.