కొత్త రౌటర్ ఆన్ చేసిన తొలి నిమిషం.. అప్పుడే తాళం చెవి తయారైతే చిక్కే!

ఇంటికి కొత్త రౌటర్ వచ్చింది. డబ్బా విప్పి, వైరు పెట్టి, స్విచ్ వేశారు. ఒక నిమిషంలో లైట్లన్నీ వెలిగాయి. ఆ నిమిషంలోనే లోపల ఒక ముఖ్యమైన పని జరిగిపోతుంది. రౌటర్ సెట్టింగుల పేజీకి వేసే రహస్య తాళం, అంటే ఎన్‌క్రిప్షన్ కీ, చాలా పరికరాల్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడే తయారవుతుంది. ఆ కీ ఎవరూ ఊహించలేని అంకెలతో చేయాలి. మరి అప్పుడే నిద్రలేచిన యంత్రానికి ఊహించలేని అంకెలు ఎక్కడ దొరుకుతాయి? చిక్కంతా ఇక్కడే ఉంది.

కంప్యూటర్ చెప్పిన లెక్క చెప్పినట్టే చేస్తుంది. అదే లెక్క మళ్లీ ఇస్తే అదే జవాబు వస్తుంది. దానంతట అది కొత్త అంకెను పుట్టించలేదు. అందుకే లినక్స్ లాంటి సిస్టమ్ బయటి కదలికల మీద ఆధారపడుతుంది. కీబోర్డు మీద వేలు ఏ క్షణంలో పడింది, మౌస్ ఎలా కదిలింది, డిస్క్ జవాబివ్వడానికి ఎంత సమయం తీసుకుంది.. ఇలాంటి చిన్న చిన్న తేడాలను కొలిచి ఒక కుండలో కలుపుతూ పోతుంది. దాన్నే ఎంట్రోపీ పూల్ అంటారు. ఆ కుండ సరిపడా నిండాక అందులోంచి తీసిన అంకెలను ఎవరూ ఊహించలేరు.

రౌటర్‌కు కీబోర్డు లేదు, మౌస్ లేదు, తిరిగే డిస్క్ అసలే లేదు. చవక పరికరాల్లో గడియారం బ్యాటరీ కూడా ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ తేదీ 1970 జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే సాఫ్ట్‌వేర్‌తో తయారైన వెయ్యి రౌటర్లు వెయ్యి ఇళ్లలో ఒకే తీరుగా నిద్రలేస్తాయి. కుండ ఖాళీగా ఉన్నప్పుడే కీ తయారు చేసే ప్రోగ్రాం వచ్చి చేయి చాపుతుంది. పాత లినక్స్‌లో `/dev/urandom` అనే దారి ఎప్పుడూ "ఆగు" అనేది కాదు. కుండలో ఏముంటే అది ఇచ్చేసేది.

దీని ఫలితం 2012లో బయటపడింది. నాదియా హెనింగర్, జాకిర్ డురుమెరిక్, ఎరిక్ వుస్ట్రో, అలెక్స్ హాల్డర్‌మన్ అనే పరిశోధకులు ఇంటర్నెట్ మొత్తాన్ని స్కాన్ చేసి, బహిరంగంగా కనిపించే కీలను సేకరించారు. సురక్షిత వెబ్ పేజీలు ఇచ్చే యంత్రాలు దాదాపు కోటీ 28 లక్షలు దొరికాయి. వాటిలో 0.50 శాతం, అంటే సుమారు 64 వేల యంత్రాల రహస్య కీలను వాళ్లు లెక్కగట్టి బయటికి తీయగలిగారు. ఏ యంత్రంలోకీ చొరబడలేదు. వాళ్లు వాడింది బడిలో నేర్పే గ.సా.భా. లెక్క!

ఎలాగో చూద్దాం. ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి, వచ్చిన లబ్ధాన్ని అందరికీ చూపిస్తారు. ఆ రెండు సంఖ్యలను దాచిపెడతారు. లబ్ధం చూసి వాటిని విడదీయడం దాదాపు అసాధ్యం. కానీ రెండు రౌటర్లకు ఒక సంఖ్య ఉమ్మడిగా పడితే? చిన్న అంకెలతో చేసి చూద్దాం. మొదటి రౌటర్ చూపించే సంఖ్య 10403, రెండోది చూపించేది 10807. పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే 404. 10403ను 404తో భాగిస్తే శేషం 303. 404ను 303తో భాగిస్తే శేషం 101. 303ను 101 నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి ఉమ్మడి సంఖ్య 101. ఇక 10403ను 101తో భాగిస్తే 103, 10807ను భాగిస్తే 107. రెండు తాళాలూ తెరుచుకున్నాయి. అసలు కీలలో ఒక్కో సంఖ్య వందల అంకెల పొడవుంటుంది, అయినా గ.సా.భా. కంప్యూటర్‌కు క్షణాల పని.

మరి ఒకటి ఒకేలా పడి, రెండోది వేరుగా ఎందుకు పడింది? ఇక్కడ ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాం తీరు చూడాలి. అంకెలు తీసిన ప్రతిసారీ అది అప్పటి సమయాన్ని, సెకన్ల లెక్కన, కలిపేది. రెండు రౌటర్లూ ఒకే స్థితిలో మొదలై మొదటి సంఖ్యను ఒకేలా తయారు చేశాయి. రెండోది తయారయ్యేలోపు ఒక రౌటర్‌లో గడియారం ఒక సెకను ముందుకు జరిగింది, రెండోదాంట్లో ఇంకా జరగలేదు. దారులు వేరయ్యాయి. ఆ కాస్త తేడాయే కొంప ముంచింది. రెండు సంఖ్యలూ ఒకటే అయినా మంచిదేం కాదు. అప్పుడు ఒకరి కీ మరొకరి ఇంటి తాళానికీ పట్టేస్తుంది.

బ్యాంకు సైట్లు, పెద్ద వెబ్‌సైట్ల గురించి గాభరా అక్కర్లేదు. దొరికిన వాటిలో ఎక్కువ రౌటర్లు, ఫైర్‌వాల్స్, సర్వర్ల నిర్వహణ కార్డుల్లాంటి చిన్న పరికరాలే.

తర్వాత లినక్స్‌ను సరిదిద్దారు. 2014లో వచ్చిన `getrandom` కుండ నిండేదాకా అడిగినవాళ్లను ఆపుతుంది. ఆపడమూ తంటానే! 2019లో డిస్క్ చదివే పనిని తగ్గించే ఒక మార్పు చేశారు. యంత్రం వేగం పెరగాల్సింది పోయి, కదలికలు తగ్గి కుండ నిండక, కొన్ని కంప్యూటర్లు బూట్ మధ్యలోనే నిలబడిపోయాయి. దాంతో ప్రాసెసర్ వేగంలోని సూక్ష్మమైన ఊగిసలాటనే కొలిచి కుండ నింపే పద్ధతి తెచ్చారు. చాలా కొత్త ప్రాసెసర్లలో ఇందుకోసం ప్రత్యేక సర్క్యూట్ కూడా ఉంటోంది.

వర్చువల్ మెషీన్ల కథ ఇంకాస్త మెలికతో ఉంటుంది. క్లౌడ్‌లో పనిచేసే మన పిల్లలకు ఇది రోజూ ఎదురయ్యేదే. నడుస్తున్న మెషీన్‌ను స్నాప్‌షాట్ తీసి, దాన్నుంచి పది నకళ్లు లేపితే, పదింటి కుండలోనూ అదే సరుకు ఉంటుంది. "నిండింది" అనే గుర్తు కూడా నకలైపోతుంది కాబట్టి ఏదీ ఆగదు, ఎవరికీ అనుమానం రాదు. కొన్ని డిజిటల్ సంతకాల్లో ఒకే రహస్య అంకె రెండు వేర్వేరు సందేశాలకు పడితే చాలు, అసలు కీ బయటపడుతుంది. 2022లో వచ్చిన లినక్స్ 5.18, హైపర్‌వైజర్ ఇచ్చే గుర్తింపు సంఖ్య మారితే "నేను నకలును" అని పసిగట్టి, కుండలో కొత్త సరుకు కలుపుకుంటుంది. హైపర్‌వైజర్ ఆ సంఖ్య ఇవ్వకపోతే ఈ రక్షణ లేనట్టే. సొంతంగా అంకెలు దాచుకున్న ప్రోగ్రాములకు ఈ సంగతి అందకపోవచ్చు కూడా.

తెలుసుకునేదెలా? కుండ ఎప్పుడు నిండిందో లినక్స్ రాసి పెడుతుంది:

```
journalctl -k | grep "crng init done"
```

ఆ వరుస రాకముందే తయారైన కీ ఉంటే అనుమానించాలి. నకలు మెషీన్లయితే ఒక్కోదాంట్లో ఇది నడిపి, వచ్చిన వేలిముద్రలు పోల్చాలి:

```
ssh-keygen -lf /etc/ssh/ssh_host_ed25519_key.pub
```

రెండు మెషీన్లలో ఒకటే వస్తే, కీ ఇమేజ్‌లోనే ఉండిపోయిందన్నమాట. ఇమేజ్ తయారు చేసేటప్పుడే `/etc/ssh` లోని హోస్ట్ కీలను, `/var/lib/systemd/random-seed` ఫైల్‌ను తీసేయాలి.

ఇంటి రౌటర్ పాతదైతే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒక్కటే సరిపోదు. 2012 తర్వాత కంపెనీలు సరిచేసిన సాఫ్ట్‌వేర్ ఇచ్చినా, అప్పటికే తయారైన బలహీన కీ పరికరంలో అలాగే ఉండిపోవచ్చు. అప్‌డేట్ అయ్యాక, కాసేపు నడవనిచ్చి, సెట్టింగుల్లో సర్టిఫికెట్‌ను లేదా కీని మళ్లీ తయారు చేసే ఆప్షన్ ఉంటే అది నొక్కాలి. ఆ ఆప్షన్ లేని రౌటర్‌కు బయటి నుంచి సెట్టింగుల పేజీ తెరుచుకునే సదుపాయం ఆపేసి ఉంచాలి.