నదికి పెట్టిన కరెంటు మీటరు

గోదావరికి వరద వస్తే భద్రాచలం నుంచి మనకు రెండు అంకెలు అందుతాయి. ఒకటి నీటిమట్టం: 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. మరొకటి ప్రవాహం, ఇన్ని లక్షల క్యూసెక్కులని. నీటిమట్టాన్ని ఒడ్డున ఉన్న స్కేలు చూసి ఎవరైనా చెప్పవచ్చు. ప్రవాహాన్ని చూసి చెప్పగల కన్ను మాత్రం ఎవరికీ లేదు. ఆ లోటు గట్టు మీద టీ తాగుతూ అంచనాలు చెప్పేవారిని ఏనాడూ ఆపలేదు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఇంజనీర్లు సెకనుకు ఘనపు మీటర్లలో కూడా లెక్కిస్తారు. ఒక ఘనపు మీటరంటే సుమారు 35.3 ఘనపుటడుగులు. ప్రవాహాన్ని కనుక్కునే సూత్రం చిన్నది. నదిని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని నీటి వేగంతో గుణిస్తే చాలు.

అయితే నదికి ఒకే లోతు లేదు, ఒకే వేగమూ లేదు. ఒడ్డున మోకాలి లోతు, నడుమ నిలువెత్తు లోతు. ఒడ్డు దగ్గర నీరు నిద్రపోతున్నట్టు ఉంటుంది, నడుమ పరుగెడుతుంది. ఈ ఇబ్బందికి విరుగుడు నదిని నిలువు పట్టీలుగా కోసినట్టు భావించి, ఒక్కో పట్టీని విడిగా లెక్కగట్టి, చివరికి కూడటం. ప్రతి పట్టీకి నడుమ ఒక నిలువు రేఖను ఎంచుకుంటారు. ఆ రేఖ మీద లోతునూ వేగాన్నీ కొలిచి, పట్టీ మొత్తానికీ అవే వర్తిస్తాయని ఒప్పుకుంటారు. ఈ ఒప్పందంలో నది సంతకం లేదన్న సంగతి గుర్తుంచుకుందాం.

వేగాన్ని కొలిచే పరికరం పేరు కరెంటు మీటరు. ఇంటి గోడకు ఉండే కరెంటు మీటరుతో దీనికి చుట్టరికం లేదు. ఇది బిల్లు పంపదు. ఇందులో ఒక ఇరుసు చుట్టూ చిన్న గిన్నెల చక్రం ఉంటుంది. కింద చేప ఆకారంలో బరువైన దిమ్మ వేలాడుతూ మీటరును నీటిలో నిలిపి ఉంచుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ చెవిలో ఒక టిక్కు వినిపిస్తుంది. టిక్కులను వేగంగా మార్చే సమీకరణం మీటరుతోపాటే వస్తుంది. నిశ్చలమైన నీటి తొట్టిలో మీటరును తెలిసిన వేగంతో లాగి దాన్ని ముందే నిర్ణయిస్తారు.

ఇక ఒక రేఖ మీద మీటరును ఏ లోతున పెట్టాలి? నది అడుగున రాపిడి వల్ల నీరు దాదాపు నిలిచిపోతుంది. పైకి వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది, మొదట త్వరగా, తరువాత నెమ్మదిగా. అందుకే ఒక ఆకును వదిలి, దాని వెంట నడిచి వేగం తేల్చేవారు నదిని ఎప్పుడూ ఎక్కువగానే అంచనా వేస్తారు. సగటు వేగం సాధారణంగా ఉపరితల వేగంలో 85 శాతం దరిదాపుల్లో ఉంటుంది. లోతు తక్కువైతే ఉపరితలం నుంచి లోతులో 60 శాతం దిగువన ఒక్క కొలత సరిపోతుంది. సగటు వేగం అక్కడే ఉంటుందని లెక్కా అనుభవమూ రెండూ చెబుతున్నాయి. లోతు ఎక్కువైతే 20 శాతం దగ్గర ఒకటి, 80 శాతం దగ్గర ఒకటి కొలిచి సగటు తీస్తారు.

ఇప్పుడు ఒక ఊహా నదిని తీసుకుందాం. వెడల్పు 48 మీటర్లు. ఎడమ ఒడ్డు నుంచి ప్రతి 8 మీటర్లకు ఒక రేఖ, మొత్తం ఐదు. నడి రేఖ దగ్గర లోతు 3 మీటర్లు. మీటరును మొదట 0.6 మీటర్ల లోతున దించితే 60 సెకన్లలో 90 టిక్కులు వినిపించాయి. మన మీటరు సమీకరణం V = 0.68N + 0.01 అనుకుందాం, N అంటే సెకనుకు తిరిగిన చుట్లు. N = 1.5 కనుక వేగం సెకనుకు 1.03 మీటర్లు. 2.4 మీటర్ల లోతున అదే 60 సెకన్లలో 60 టిక్కులే, అంటే 0.69 మీటర్లు. సగటు 0.86. పట్టీ వైశాల్యం 8 × 3 = 24 చదరపు మీటర్లు. ప్రవాహం 20.64 ఘనపు మీటర్లు.

మిగతా నాలుగు రేఖలనూ ఇలాగే కొలిచాం.

| ఒడ్డు నుంచి దూరం (మీ.) | లోతు (మీ.) | సగటు వేగం (మీ./సె.) | ప్రవాహం (ఘ.మీ./సె.) |
|---|---|---|---|
| 8 | 1.2 | 0.40 | 3.84 |
| 16 | 2.2 | 0.70 | 12.32 |
| 24 | 3.0 | 0.86 | 20.64 |
| 32 | 2.6 | 0.80 | 16.64 |
| 40 | 1.0 | 0.30 | 2.40 |

మొత్తం 55.84 ఘనపు మీటర్లు, అంటే 1,972 క్యూసెక్కులు. సంతోషించే ముందు చిన్న పరీక్ష పెడదాం. ఈ రేఖల్లో కొన్నింటినే కొలిచే తీరిక ఉన్న ఇద్దరు ఉద్యోగులను ఊహించండి. మొదటి ఆయన 16, 32 మీటర్ల దగ్గర మాత్రమే కొలిచారు. ఆయన పట్టీలు 16 మీటర్ల వెడల్పు కనుక లెక్క 57.92కు తేలింది. రెండవ ఆయన 8, 24, 40 దగ్గర కొలిచారు. అంచు పట్టీలు 12 మీటర్లు, నడి పట్టీ 16. ఆయనకు వచ్చింది 50.64. నది అదే, ఉదయం అదే, మీటరూ అదే. తేడా 257 క్యూసెక్కులు. ఇద్దరూ రెండు దశాంశ స్థానాల దాకా రాసి, నిశ్చింతగా భోజనానికి వెళ్లారు.

ఇక్కడ గుణకారంలో తప్పు లేదు, మీటరులో లోపం లేదు. రేఖలు తక్కువైతే, రేఖకూ రేఖకూ మధ్య నది ఏం చేస్తోందో మనకు తెలియదు, అంతే. అందుకే ఏ ఒక్క పట్టీలోనూ మొత్తం ప్రవాహంలో 10 శాతం మించకూడదని, వీలైతే 5 శాతానికి దగ్గరగా ఉండాలని నియమం. మన అయిదు రేఖల లెక్కలో నడి పట్టీ ఒక్కటే 37 శాతం మోస్తోంది. అంటే 1,972 కూడా తొందరపాటు లెక్కే. పెద్ద నదిలో ఇరవైకి పైగా రేఖలు కొలవడం చాదస్తం కాదు. వాటిని సమాన దూరాల్లో పరచడం కన్నా లోతూ వేగమూ ఎక్కువగా ఉన్నచోట దగ్గర దగ్గరగా పెట్టడం మేలు.

పొరపాట్లు జరిగే చోట్లు ఇంకా ఉన్నాయి, వాటిని పట్టుకునే దారులూ ఉన్నాయి. గుర్రపు డెక్క వేరు ఒకటి గిన్నెలకు చుట్టుకుంటే టిక్కులు తగ్గుతాయి, నది నెమ్మదించినట్టు కనిపిస్తుంది. పక్క రేఖలతో పొంతన లేని వేగం వస్తే ముందు మీటరును పైకి తీసి చూడాలి. అందుకే కొలతకు ముందూ తరువాతా గాలి తగలని చోట చక్రాన్ని చేత్తో తిప్పి వదులుతారు. శుభ్రంగా ఉన్న చక్రం నిమిషాల తరబడి తిరిగి మెల్లగా ఆగుతుంది. చప్పున ఆగితే ఇరుసులో ఇసుక ఉన్నట్టే.

రెండవది తీగ. ఉధృతమైన నీరు దిమ్మను దిగువకు నెట్టితే తీగ ఏటవాలవుతుంది. అప్పుడు వదిలిన తీగ పొడవునే లోతుగా రాసుకుంటే, లేని లోతు నదికి అంటగట్టినట్టు అవుతుంది. తీగ వాలిన కోణాన్ని కొలిచి సవరించాలి. కోణాన్ని చూడకుండా లోతు రాసేవారికి నదులు కాస్త లోతుగానే కనిపిస్తాయి.

చివరి చిక్కు సమయం. ఇరవై రేఖలు పూర్తయ్యేసరికి గంటలు గడుస్తాయి; ఈలోగా నీటిమట్టం మారవచ్చు. అందుకే మొదట, మధ్యలో, చివర స్కేలు చూసి రాసుకుంటారు.

ఆ స్కేలే మనల్ని మళ్లీ భద్రాచలానికి తీసుకువస్తుంది. ప్రతి గంటా పడవ వేసుకుని ఎవరూ కొలవలేరు. కొలిచిన రోజుల మట్టాలనూ ప్రవాహాలనూ గ్రాఫు మీద గుర్తించి ఒక వక్రరేఖ గీస్తారు; తరువాత మట్టం చూసి, ఆ రేఖ మీద ప్రవాహాన్ని చదువుతారు. మహా వరద రోజున కొలతలు అరుదు కనుక రేఖలోని ఆ చివరి భాగం చాలావరకు పొడిగించినదే. పైగా ఇసుక అడుగు కోసుకుపోతే పాత రేఖ కొత్త నదికి సరిపోదు, మళ్లీ కొలవాలి. కాబట్టి ఈసారి లక్షల క్యూసెక్కుల అంకె ఒకట్ల స్థానం దాకా కనిపిస్తే, ముందున్న రెండు అంకెలను గౌరవించండి. మిగిలినవి గుణకారం ప్రసాదించినవి.